ట్రయోడ్ ప్రాంతంలో మాస్‌ఫెట్: వోల్టేజి మాట వినే రెసిస్టర్

మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్‌లో డ్రెయిన్‌కూ సోర్సుకూ మధ్య వోల్టేజి తక్కువగా ఉన్నంతసేపు, వాటి మధ్యనున్న చానెల్ మామూలు రెసిస్టర్‌లాగే ప్రవర్తిస్తుంది. ఆ రెసిస్టర్ విలువను గేటు వోల్టేజి నిర్ణయిస్తుంది. గేటులోకి కరెంటు దాదాపు పోదు కాబట్టి, సిగ్నల్ నడిచే దారికీ దాన్ని అదుపు చేసే దారికీ మధ్య మంచి ఎడం దొరుకుతుంది. చేత్తో తిప్పే పొటెన్షియోమీటర్ చేసే పనిని ఒక వోల్టేజి చేత చేయించాలన్నప్పుడు, అంటే ధ్వని స్థాయిని తనంతట తాను సర్దుకునే ఆంప్లిఫయర్లలో, కంప్రెసర్లలో, ఆసిలేటర్ల శిఖర స్థాయిని నిలకడగా ఉంచే సర్క్యూట్లలో, ఈ గుణం అక్కరకు వస్తుంది. ఫిల్టర్ల పౌనఃపున్యాన్ని జరిపే సర్క్యూట్లలోనూ ఇదే వాడతారు. ఇదే పనికి జంక్షన్ ఫెట్‌ను వాడే అలవాటు పాతది. మాస్‌ఫెట్‌ను వోల్టేజితో మారే నిరోధంగా వాడటంపై బిలోట్టి రాసిన చిన్న వ్యాసం 1966లో అమెరికా ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ ఇంజినీర్ల సంస్థ పత్రికలో వచ్చింది.

ఈ రెసిస్టర్‌కు ఒక లోపం ఉంది. దాని విలువను గేటు ఒక్కటే నిర్ణయించదు, దాని గుండా పోతున్న సిగ్నల్ కూడా కొంత మారుస్తుంది. డిస్టార్షన్ పుట్టేది అక్కడే. ఎంత సిగ్నల్‌కు ఎంత డిస్టార్షన్ వస్తుంది, దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చు, తగ్గించిన తరవాత ఏం మిగులుతుంది అన్నవే ఈ వ్యాసంలోని ముఖ్య విషయాలు.

డిస్టార్షన్ ఎక్కడ పుడుతుంది

గేటు వోల్టేజి త్రెషోల్డ్‌ను దాటాక, దాటిన మేరకు చానెల్‌లో ఆవేశం పోగవుతుంది. ఆ దాటిన భాగాన్ని ఓవర్‌డ్రైవ్ అంటారు. డ్రెయిన్, సోర్సు రెండూ ఒకే వోల్టేజిలో ఉంటే చానెల్ పొడవునా ఆవేశం సమానంగా పరుచుకుంటుంది. డ్రెయిన్‌ను కొంచెం పైకి ఎత్తితే ఆ కొసన గేటుకూ చానెల్‌కూ మధ్య తేడా తగ్గి, అక్కడ ఆవేశం పలచబడుతుంది. సోర్సు కొసన ఏమీ మారదు. మొత్తం మీద చానెల్ సగటు ఆవేశం, ఓవర్‌డ్రైవ్‌లోంచి డ్రెయిన్ వోల్టేజిలో సగం తీసేస్తే ఎంత వస్తుందో అంత. సోర్సును భూమికి కలిపి, డ్రెయిన్ వోల్టేజిని v అనుకుంటే కరెంటు ఇలా వస్తుంది:

```
I = K [ (VGS − VT) v − v²/2 ]
```

ఇక్కడ K ట్రాన్సిస్టర్ కట్టుబడిని బట్టి ఉండే స్థిరాంకం. చానెల్ వెడల్పు ఎక్కువై పొడవు తగ్గేకొద్దీ అది పెరుగుతుంది. ఈ వర్గ నియమం 1964లో చి-తాంగ్ సా విశ్లేషణతో స్థిరపడింది. మొదటి పదం మనకు కావలసిన రెసిస్టర్. దాని విలువ `1 / [K (VGS − VT)]`. రెండో పదం సిగ్నల్ తనను తాను గుణించుకోవడం వల్ల వచ్చినది. v ధనాత్మకమైనా రుణాత్మకమైనా అది ఒకే దిశలో కరెంటును తగ్గిస్తుంది. కాబట్టి తరంగంలోని పై సగానికి నిరోధం ఎక్కువగా, కింది సగానికి తక్కువగా కనిపిస్తుంది.

శిఖర విలువ A ఉన్న సైన్ తరంగాన్ని నేరుగా ట్రాన్సిస్టర్ మీద పెడితే, కరెంటులో రెండో హార్మోనిక్ మూల పౌనఃపున్యంతో పోలిస్తే ఎంత వస్తుందో చిన్న లెక్కతో తేలుతుంది:

```
HD2 = A / (4 · Vov)
```

Vov అంటే ఓవర్‌డ్రైవ్. ఈ అంశంలో మొదట గుర్తుంచుకోవలసిన సూత్రం ఇదే. ఒక వోల్టు ఓవర్‌డ్రైవ్ ఉన్నప్పుడు డిస్టార్షన్ ఒక శాతం లోపు ఉండాలంటే సిగ్నల్ శిఖరం 40 మిల్లీవోల్టులు దాటకూడదు. ట్రయోడ్ ప్రాంతం ఒక వోల్టు వరకూ ఉంది కదా అని అంత సిగ్నల్‌నూ పెట్టబోతే డిస్టార్షన్ పదుల శాతానికి చేరుతుంది. ట్రాన్సిస్టర్ ట్రయోడ్ ప్రాంతంలో ఉండటం వేరు, దాని నిరోధం సరళంగా ఉండటం వేరు. కొత్తగా ఈ సర్క్యూట్ కట్టేవారు ఎక్కువగా పొరబడేది ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే.

ఒక అటెన్యుయేటర్ లెక్క

సీడీ4007 అనే పాత సీమాస్ చిప్‌లో మూడు ఎన్-చానెల్, మూడు పి-చానెల్ ట్రాన్సిస్టర్లుంటాయి. వాటి కాళ్లు చాలావరకు విడివిడిగా బయటికి తెచ్చి ఉంటాయి. అందుకే ప్రయోగశాలలో ఈ విషయం నేర్పడానికి దీన్ని మించినది లేదు. మూడో కాలు గేటుగా, నాలుగు సోర్సుగా, అయిదు డ్రెయిన్‌గా ఉన్న ఎన్-చానెల్ ట్రాన్సిస్టర్‌ను తీసుకుందాం. సోర్సు భూమికి. సిగ్నల్ 10 కిలో ఓముల రెసిస్టర్ గుండా డ్రెయిన్‌కు చేరుతుంది. డ్రెయిన్ దగ్గరే ఔట్‌పుట్. గేటు వోల్టేజి పెంచితే ట్రాన్సిస్టర్ నిరోధం తగ్గి, సిగ్నల్‌లో ఎక్కువ భాగం భూమిలోకి పోతుంది.

ఎన్-చానెల్ ట్రాన్సిస్టర్లన్నిటి బాడీ ఏడో కాలికి కలిసి ఉంటుంది. దాన్ని భూమికి కాక మైనస్ 5 వోల్టులకు కలపాలి, కారణం తరవాత తెలుస్తుంది. పద్నాలుగో కాలికి ప్లస్ 10 వోల్టులు ఇస్తే గేటును ఆ రెండు హద్దుల మధ్య ఎక్కడైనా ఉంచవచ్చు. లెక్క సులువు కోసం K విలువను 0.5 మిల్లీఆంపియర్/వోల్టు² అని, ఈ బాడీ వోల్టేజి దగ్గర త్రెషోల్డ్‌ను 2 వోల్టులని అనుకుందాం. అసలు చిప్‌లో ఈ రెండూ ఒక్కో ముక్కకు ఒక్కోలా ఉంటాయి, కొలుచుకోక తప్పదు.

ఓవర్‌డ్రైవ్ 0.2 వోల్టులున్నప్పుడు ట్రాన్సిస్టర్ నిరోధం 10 కిలో ఓములు, సిగ్నల్ సగమవుతుంది. 2 వోల్టుల దగ్గర నిరోధం ఒక కిలో ఓము, సిగ్నల్ పదకొండో వంతు. 5 వోల్టుల దగ్గర 400 ఓములు, ఇరవై ఆరో వంతు. అంటే మైనస్ 6 నుంచి మైనస్ 28 డెసిబెల్ దాకా గెయిన్ మారుతోంది. ఇప్పుడు 100 మిల్లీవోల్టుల శిఖరం ఉన్న సిగ్నల్ పెడదాం. ముందున్న 10 కిలో ఓముల రెసిస్టర్ వల్ల సూత్రం కొంచెం మారుతుంది. ట్రాన్సిస్టర్ వాహకతకూ ఆ రెసిస్టర్‌కూ లబ్ధాన్ని a అనుకుంటే, డ్రెయిన్ దగ్గరి శిఖర విలువతో వచ్చే పాత సమాధానాన్ని a/(1+a) చేత గుణించాలి.

ఓవర్‌డ్రైవ్ 0.2 వోల్టుల దగ్గర డ్రెయిన్ మీద 50 మిల్లీవోల్టులుంటాయి, రెండో హార్మోనిక్ 3.1 శాతం వస్తుంది. 2 వోల్టుల దగ్గర డ్రెయిన్ మీద 9.1 మిల్లీవోల్టులు మాత్రమే, డిస్టార్షన్ 0.1 శాతం. 5 వోల్టుల దగ్గర అది 0.02 శాతానికి దిగిపోతుంది. సిగ్నల్‌ను ఎంత ఎక్కువగా తగ్గిస్తే అంత శుభ్రంగా వస్తోందన్నమాట. కారణాలు రెండూ ఒకే వైపు లాగుతున్నాయి: ఓవర్‌డ్రైవ్ పెరిగింది, ట్రాన్సిస్టర్ మీద పడే సిగ్నల్ తగ్గింది. ఈ అటెన్యుయేటర్‌లో చెడ్డ చోటు, అది దాదాపు ఏ పనీ చేయకుండా సిగ్నల్‌ను వదిలేస్తున్న చోటే. కొలిచేటప్పుడు ఎక్కువ తగ్గింపు దగ్గర ఒక్కసారి కొలిచి బాగుందనుకుంటే, అసలు సంగతి తెలియకుండా పోతుంది.

సిగ్నల్ ఒక వోల్టు ఉంటే? 0.2 వోల్టుల ఓవర్‌డ్రైవ్ దగ్గర డ్రెయిన్ మీద అర వోల్టు రావాలి. అది ఓవర్‌డ్రైవ్ కంటే ఎక్కువ, కాబట్టి పై శిఖరాల దగ్గర ట్రాన్సిస్టర్ ట్రయోడ్ ప్రాంతాన్నే వదిలి సంతృప్తిలోకి పోతుంది. అక్కడ పై సూత్రాలు పనికిరావు. మాస్‌ఫెట్‌ను సిగ్నల్ చిన్నగా ఉన్న చోటనే పెట్టి, కావలసిన స్థాయిని తరవాతి ఆంప్లిఫయర్ చేత తెప్పించడం అందుకే మంచి పద్ధతి. మైకు ఆంప్లిఫయర్‌లో ఆప్-ఆంప్ రుణాత్మక ఇన్‌పుట్ నుంచి భూమికి వెళ్లే రెసిస్టర్ స్థానంలో మాస్‌ఫెట్ పెట్టడం ఇలాంటిదే. అక్కడ ట్రాన్సిస్టర్ మీద మైకు ఇచ్చే కొద్ది మిల్లీవోల్టులే ఉంటాయి, గెయిన్ ఎంత పెంచినా అవి పెరగవు.

పెద్ద ట్రాన్సిస్టర్ ఎందుకు పనికిరాదు

దుకాణంలో సులువుగా దొరికే మాస్‌ఫెట్ 2ఎన్7000 లాంటి స్విచింగ్ రకం. ఇది స్విచ్‌గా మంచిదే, ఈ పనికి మాత్రం తగదు. తక్కువ నిరోధం రావడానికి దాని చానెల్‌ను చాలా వెడల్పుగా చేస్తారు కాబట్టి K విలువ మన ఉదాహరణకు వందల రెట్లుంటుంది. 0.1 ఆంపియర్/వోల్టు² అనుకుంటే, 10 కిలో ఓముల నిరోధానికి సూత్రం ప్రకారం ఓవర్‌డ్రైవ్ ఒక్క మిల్లీవోల్టు ఉండాలి. అంత చిన్న ఓవర్‌డ్రైవ్ దగ్గర వర్గ నియమమే చెల్లదు. చానెల్ బలహీన స్థితిలో ఉంటుంది, అక్కడ గేటు వోల్టేజికి కరెంటు ఘాత ప్రమేయంలా పెరుగుతుంది. సిగ్నల్‌తో ఆ కరెంటు ఇలా మారుతుంది:

```
I = I0 (1 − e^(−v/φ)),   φ = kT/q ≈ 26 mV
```

దీన్ని విస్తరిస్తే రెండో హార్మోనిక్ `A / (4φ)` వస్తుంది. పాత సూత్రమే ఇది, ఓవర్‌డ్రైవ్ స్థానంలో గది ఉష్ణోగ్రతకు చెందిన 26 మిల్లీవోల్టులు వచ్చి కూర్చున్నాయి. గేటును ఇంకెంత కిందికి దించినా డిస్టార్షన్ ఇంతకు మించి పెరగదన్నది కొంత ఊరట. కానీ ఒక శాతం హద్దుకు సిగ్నల్ ఒక మిల్లీవోల్టు దగ్గరే ఆగిపోవాలి. పైగా గేటు మీద కొన్ని పదుల మిల్లీవోల్టుల తేడాకే నిరోధం ఎన్నో రెట్లు మారిపోతుంది. 2ఎన్7000 డేటా షీటులో త్రెషోల్డ్ 0.8 నుంచి 3 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండవచ్చని రాసి ఉంటుంది. అలాంటప్పుడు ప్రతి ముక్కకూ గేటు వోల్టేజిని విడిగా సర్దుకోవలసిందే.

కాబట్టి కావలసిన గరిష్ఠ నిరోధం దగ్గర కూడా ఓవర్‌డ్రైవ్ కనీసం 0.2 వోల్టులైనా మిగిలేంత చిన్న K ఉన్న ట్రాన్సిస్టర్‌నే ఎంచుకోవాలి. చిప్ గీసేవారి చేతిలో ఇది సులువు, చానెల్ పొడవు పెంచితే సరిపోతుంది. విడి భాగాలతో కట్టేవారికి సీడీ4007 లాంటి చిన్న ట్రాన్సిస్టర్ల చిప్‌లే దారి.

గేటుకు సిగ్నల్‌లో సగం

డిస్టార్షన్ పదానికి కారణం చానెల్ సగటు వోల్టేజి v/2 మేర పైకీ కిందికీ ఊగుతుంటే గేటు మాత్రం కదలకుండా నిలిచి ఉండటం. గేటును కూడా అంతే మేర ఊపితే? గేటు వోల్టేజిని `VC + v/2` చేసి సమీకరణంలో పెడితే, వర్గ పదం పూర్తిగా కొట్టివేయబడుతుంది:

```
I = K (VC − VT) v
```

ఈ ఉపాయం జంక్షన్ ఫెట్ సర్క్యూట్లలో ఎప్పటినుంచో వాడుకలో ఉంది. డ్రెయిన్ నుంచి గేటుకు ఒక రెసిస్టర్, గేటు నుంచి కంట్రోల్ వోల్టేజికి అంతే విలువ ఉన్న మరో రెసిస్టర్ పెడితే చాలని పుస్తకాలు చెబుతాయి. బొమ్మలో చూడటానికి ఇది చక్కగానే ఉంటుంది. మన అటెన్యుయేటర్‌లో పెట్టి చూస్తే మాత్రం ఒక చిక్కు బయటపడుతుంది. రెండు రెసిస్టర్లూ 100 కిలో ఓములనుకుందాం. గేటు మీద 2.2 వోల్టులు రావాలంటే కంట్రోల్ 4.4 వోల్టులుండాలి. అప్పుడు ఆ రెండు రెసిస్టర్ల గుండా సుమారు 22 మైక్రోఆంపియర్లు డ్రెయిన్‌లోకి పారతాయి. అక్కడ ట్రాన్సిస్టర్, ముందున్న రెసిస్టర్ కలిసి 5 కిలో ఓములు. అంటే 110 మిల్లీవోల్టుల నిలకడ వోల్టేజి, సిగ్నల్ కంటే రెట్టింపు కంటే ఎక్కువ. గెయిన్ మార్చినప్పుడల్లా అదీ మారి, స్పీకర్లో దబ్బుమని వినిపిస్తుంది.

డ్రెయిన్ వైపు ఒక కెపాసిటర్ పెట్టి ఆ కరెంటును ఆపవచ్చు. 20 హెర్ట్జ్ దగ్గర కూడా గేటు సిగ్నల్ దశ తప్పకుండా ఉండాలంటే ఒక మైక్రోఫారడ్ కావాలి. అప్పుడు కాల స్థిరాంకం 200 కిలో ఓములు గుణించు ఒక మైక్రోఫారడ్, అంటే 0.2 సెకండ్. కంట్రోల్ వోల్టేజిని ఒక్కసారి మారిస్తే గేటు సగం మార్పును వెంటనే, మిగతా సగాన్ని ఈ 0.2 సెకండ్ల కాల స్థిరాంకంతో నెమ్మదిగా అందుకుంటుంది. ఆసిలేటర్ స్థాయిని సర్దే సర్క్యూట్‌లో దీన్ని భరించవచ్చు. చప్పట్ల శబ్దాన్ని పట్టుకోవలసిన లిమిటర్‌లో భరించలేం.

మరింత శుభ్రమైన దారి, డ్రెయిన్ దగ్గర ఎలాగూ పెట్టవలసిన బఫర్ ఆప్-ఆంప్ నుంచే సగం సిగ్నల్ తీసుకోవడం. బఫర్ ఔట్‌పుట్ నుంచి గేటుకు ఒక రెసిస్టర్, గేటు నుంచి కంట్రోల్‌కు మరొకటి. కంట్రోల్ కరెంటును బఫర్ మింగేస్తుంది, డ్రెయిన్‌లోకి ఏమీ రాదు. కెపాసిటర్ అక్కరలేదు. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. రెసిస్టర్లు డ్రెయిన్ మీద భారం కావు కాబట్టి వాటిని 10 కిలో ఓములకు దించవచ్చు. గేటుకు, దాని తీగలకు కలిపి 5 పికోఫారడ్లుంటే, 1 మెగా ఓము రెసిస్టర్లతో గేటు సిగ్నల్ 64 కిలోహెర్ట్జ్ దగ్గరే తగ్గడం మొదలవుతుంది. దాని వెనకబాటు వల్ల 10 కిలోహెర్ట్జ్ దగ్గర రెండో హార్మోనిక్‌లో ఆరో వంతు దాకా కొట్టివేయబడకుండా మిగిలిపోతుంది. 10 కిలో ఓములతో ఈ సమస్య ధ్వని పరిధిలో కనిపించదు.

సగం సరిగ్గా సగం కాదు

ఇంతా చేశాక కొలిస్తే డిస్టార్షన్ సున్నా కాదు, తరచుగా ఏ ఆరో వంతుకో ఆగిపోతుంది. దీనికి బాడీ కారణం. చానెల్ కింద సిలికాన్‌లో కదిలే ఆవేశం లేని పొర ఒకటుంటుంది. డ్రెయిన్ పైకి లేచినప్పుడు ఆ కొసన ఆ పొర మందం పెరిగి చానెల్ ఆవేశాన్ని మరికొంత తగ్గిస్తుంది. లెక్కలో v²/2 స్థానంలో n·v²/2 వస్తుంది. n విలువ ఒకటి కంటే కొంచెం ఎక్కువ. 1.2 అనుకుంటే గేటుకు ఇవ్వవలసింది సిగ్నల్‌లో 0.5 కాదు, 0.6. సరిగ్గా సగమే ఇస్తే వర్గ పదంలో ఆరో వంతు మిగులుతుంది, అంటే మెరుగుదల సుమారు 16 డెసిబెల్ మాత్రమే.

ఏడో కాలికి మైనస్ 5 వోల్టులు ఇవ్వడానికి మొదటి కారణం ఇదే. బాడీని సోర్సు కంటే కిందికి లాగేకొద్దీ ఆ పొర ముందే మందంగా ఉండి, సిగ్నల్‌కు తక్కువగా మారుతుంది. n ఒకటికి దగ్గరవుతుంది. రెండో కారణం మరింత తప్పనిసరిది. బాడీకీ డ్రెయిన్‌కూ మధ్య ఒక డయోడ్ ఉంది. బాడీని సోర్సుకు కలిపేస్తే, సిగ్నల్ భూమి కంటే అర వోల్టు కిందికి పోగానే ఆ డయోడ్ తెరుచుకొని తరంగం అడుగు భాగాన్ని కోసేస్తుంది. విడిగా అమ్మే పవర్ మాస్‌ఫెట్లలో బాడీ లోపలే సోర్సుకు కలిసి ఉంటుంది కాబట్టి ఈ హద్దు నుంచి వాటికి తప్పించుకునే వీలు లేదు.

మిగిలిన తేడాను సర్దడానికి కంట్రోల్ వైపు రెసిస్టర్‌తో వరసగా చిన్న ట్రిమ్మర్ పెట్టాలి. 10 కిలో ఓములకు 5 కిలో ఓముల ట్రిమ్మర్ చేరిస్తే వాటా 0.5 నుంచి 0.6 దాకా కదులుతుంది. దాన్ని ఏ గెయిన్ దగ్గర సర్దాలన్నది ముఖ్యం. తక్కువ ఓవర్‌డ్రైవ్, ఎక్కువ డ్రెయిన్ సిగ్నల్ ఉన్న చోట, మన ఉదాహరణలో 0.2 వోల్టుల దగ్గర సర్దాలి. వాటా అయిదు శాతం తేడాలోపు కుదిరితే రెండో హార్మోనిక్ ఇరవయ్యో వంతుకు, అంటే 26 డెసిబెల్ మేర తగ్గుతుంది. 3.1 శాతం 0.16 శాతం అవుతుంది.

స్పెక్ట్రమ్ చూపే పరికరం లేకపోయినా ఈ సర్దుబాటు చేయవచ్చు. సిగ్నల్‌ను వర్గం చేస్తే రెండో హార్మోనిక్‌తోపాటు నిలకడ వోల్టేజి కూడా పుడుతుంది. రెంటి పరిమాణమూ ఒకటే. మన లెక్కలో సర్దక ముందు, సిగ్నల్ ఇచ్చినప్పుడు డ్రెయిన్ సగటు వోల్టేజి సుమారు 1.6 మిల్లీవోల్టులు పైకి జరుగుతుంది. మంచి డిజిటల్ మల్టీమీటర్‌ను డీసీ స్థానంలో పెట్టి, సిగ్నల్ ఉన్నప్పుడూ లేనప్పుడూ చూపే విలువలు ఒకటయ్యే దాకా ట్రిమ్మర్ తిప్పితే సరిపోతుంది. ఇన్‌పుట్‌లో కెపాసిటర్ ఉంటే ఈ జరుగుడు రెట్టింపై ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఏ లోపం ఎలా కనబడుతుంది

ట్రిమ్మర్ ఎంత తిప్పినా తగ్గనిది మూడో హార్మోనిక్. గేటు గట్టిగా లాగేకొద్దీ చానెల్‌లోని ఎలక్ట్రాన్లు ఆక్సైడ్ అంచుకు రాసుకుంటూ పోయి వాటి చలన వేగం తగ్గుతుంది. K నిజంగా స్థిరాంకం కాదన్నమాట. గేటుకు సగం సిగ్నల్ ఇచ్చే ఉపాయం తరంగం పై సగాన్నీ కింది సగాన్నీ సమానం చేయగలదు గానీ, రెండూ ఒకేలా వంగితే దాన్ని సరిచేయలేదు. మాస్‌ఫెట్ రెసిస్టర్‌కు చివరి హద్దు ఇదే. సిగ్నల్ ఎక్కువైనకొద్దీ ఇది వేగంగా పెరుగుతుంది కాబట్టి దీనికి మందు సిగ్నల్ తగ్గించడమే.

ఇన్‌పుట్‌ను రెట్టింపు చేసి చూడటం మంచి పరీక్ష. డిస్టార్షన్ శాతం రెట్టింపయితే అది ఇంకా కొట్టివేయబడని వర్గ పదం, ట్రిమ్మర్ పని మిగిలి ఉంది. నాలుగింతలైతే మూడో హార్మోనిక్. ఒక స్థాయి దాకా ఏమీ లేకుండా ఉండి ఉన్నట్టుండి ఎగిసిపోతే డయోడో సంతృప్తో కారణం. ఆసిలోస్కోప్‌లో తరంగం అడుగు చదునైతే డయోడ్. పై శిఖరాలు సాగినట్టు నిటారుగా లేస్తే, ఆ క్షణాల్లో ట్రాన్సిస్టర్ సంతృప్తిలోకి పోయి నిరోధం పెరిగిందని అర్థం.

ఇన్‌పుట్ స్థాయితో సంబంధం లేకుండా, పౌనఃపున్యం తగ్గేకొద్దీ డిస్టార్షన్ పెరుగుతుంటే మాత్రం తప్పు మాస్‌ఫెట్‌ది కాదు. స్థాయిని తనంతట తాను సర్దుకునే సర్క్యూట్లలో కంట్రోల్ వోల్టేజి సిగ్నల్‌ను రెక్టిఫై చేయగా వచ్చినదే. ఫిల్టర్ చాలకపోతే అందులో సిగ్నల్‌కు రెట్టింపు పౌనఃపున్యంలో అలలు మిగులుతాయి. ఆ అలలు గెయిన్‌ను ఊపితే, గుణకారం వల్ల మూడో హార్మోనిక్ పుడుతుంది. గెయిన్ రెండు శాతం ఊగితే మూడో హార్మోనిక్ ఒక శాతం. 50 హెర్ట్జ్ నాదం గరగరమని, 1 కిలోహెర్ట్జ్ స్వరం శుభ్రంగా వస్తుంటే మాస్‌ఫెట్‌ను మార్చడం వృథా, కంట్రోల్ ఫిల్టర్‌నే చూడాలి. ఫిల్టర్‌ను నెమ్మదిగా చేస్తే లిమిటర్ స్పందన ఆలస్యమవుతుంది. ఈ పేచీ నిరోధం ఎంత సరళమైనదైనా పోదు.

ఉష్ణోగ్రత గురించి ఒక మాట. వేడెక్కితే త్రెషోల్డ్ డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గి నిరోధాన్ని దించుతుంది. అదే వేడికి ఎలక్ట్రాన్ల చలనశీలత డిగ్రీకి అర శాతం తగ్గి నిరోధాన్ని పెంచుతుంది. 0.4 వోల్టుల ఓవర్‌డ్రైవ్ దగ్గర రెండూ దాదాపు సరిపోతాయి. ఎక్కువ సమయం ఒకే గెయిన్ దగ్గర ఉండే సర్క్యూట్ అయితే ఆ గెయిన్ ఈ ఓవర్‌డ్రైవ్ దగ్గర వచ్చేలా ముందున్న రెసిస్టర్‌ను ఎంచుకోవడం మేలు.

రెండు హద్దుల మధ్య చోటు

పై హద్దు డిస్టార్షన్ అయితే కింది హద్దు నాయిస్. డ్రెయిన్‌కూ సోర్సుకూ మధ్య నిలకడ కరెంటు లేదు కాబట్టి మాస్‌ఫెట్‌కు పేరుపడ్డ తక్కువ పౌనఃపున్యపు గరగర ఇక్కడ దాదాపు ఉండదు. మిగిలేది అంతే విలువ ఉన్న మామూలు రెసిస్టర్‌కుండే ఉష్ణ నాయిస్. 0.2 వోల్టుల ఓవర్‌డ్రైవ్ దగ్గర డ్రెయిన్ నుంచి కనిపించే 5 కిలో ఓములకు, 20 కిలోహెర్ట్జ్ వెడల్పులో అది 1.3 మైక్రోవోల్టులు.

డిస్టార్షన్ 0.1 శాతం దాటకూడదనుకుంటే, ఏ దిద్దుబాటూ లేకుండా డ్రెయిన్ మీద శిఖరం 1.6 మిల్లీవోల్టుల దగ్గర ఆగాలి. నాయిస్‌కూ దానికీ మధ్య ఎడం 59 డెసిబెల్, టేపు రికార్డర్ స్థాయి. గేటుకు తగిన వాటా సిగ్నల్ ఇచ్చి 26 డెసిబెల్ సంపాదిస్తే అదే ఎడం 85 డెసిబెల్ అవుతుంది. ఒక ట్రిమ్మర్, రెండు రెసిస్టర్లతో వచ్చే లాభం ఇది. దీన్ని దాటి ఇంకా కావాలంటే సర్క్యూట్ స్వరూపాన్నే మార్చాలి.

ఆ మార్పు చిప్‌లలో వచ్చింది. 1983లో కొలంబియా విశ్వవిద్యాలయంలో మిహై బాను, యానిస్ సివిడిస్ రెసిస్టర్ల స్థానంలో ట్రయోడ్ మాస్‌ఫెట్లతో పూర్తి ఫిల్టర్లను చిప్ మీద కట్టే పద్ధతిని ప్రతిపాదించారు. ఒకేలాంటి రెండు ట్రాన్సిస్టర్ల గేట్లను కలిపి, ఒకదానికి సిగ్నల్‌ను, రెండోదానికి దాని వ్యతిరేక రూపాన్ని ఇస్తారు. వర్గ పదం రెండింట్లోనూ ఒకే గుర్తుతో వస్తుంది కాబట్టి కరెంట్ల తేడా తీసుకోగానే పోతుంది. గేటుకు సిగ్నల్ అందించాల్సిన పని లేదు, ట్రిమ్మర్ లేదు. జంట ఎంత సరిపోలితే అంత శుభ్రం. 1986లో చార్నుల్ దీన్ని నాలుగు ట్రాన్సిస్టర్లకు పెంచాడు. అందులో వాహకత రెండు గేటు వోల్టేజిల తేడా మీదే ఆధారపడుతుంది. త్రెషోల్డ్ లెక్కలోంచి తప్పుకుంటుంది, బాడీ వల్ల వచ్చే వంపు కూడా కొట్టివేయబడుతుంది, గేట్ల తేడాను తిరగేస్తే గెయిన్ గుర్తు సైతం తిరగబడుతుంది. చలనశీలత తగ్గడం వల్ల పుట్టే మూడో హార్మోనిక్ మాత్రం ఈ నాలుగు ట్రాన్సిస్టర్ల అమరికలోనూ మిగిలే ఉంటుంది.